పెంచలమ్మ అర్జీకి జవాబు

పోయిన ఎండాకాలం మా పెద్దమ్మ ఫోనుకి ఒక మెసేజ్ వచ్చింది. “మీ అర్జీ పరిష్కరించబడినది” అని. ఆమె పెట్టింది ఇంటి ముందు మురుగు కాలవ గురించి. మెసేజ్ వచ్చిన పూట కూడా ఆ కాలవ పొంగి వాకిట్లోకి వస్తూనే ఉంది. పెద్దమ్మ కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చదివి, “ఎవురు పరిష్కరించారంట?” అని నన్నడిగింది.

ముందు నవ్వొచ్చింది. తర్వాత చూస్తే ఆ వాక్యంలో ఎవరు అనే ప్రశ్నకి చోటే లేదు. మన ఇళ్ళల్లో ఎవరూ “అన్నం తినబడింది” అనరు. పిల్లాడు గ్లాసు పగలగొడితే “పగలగొట్టబడినది” అని చెప్పి తప్పించుకోలేడు. ఆఫీసు కాగితం మీద మాత్రం అన్నీ వాటంతట అవే జరిగిపోతుంటాయి. పరిశీలించబడినది, తిరస్కరించబడినది, పరిష్కరించబడినది. పెద్దమ్మ తిరిగి ఏమని అడగాలి? ఎవర్ని అడగాలి? ఆ మెసేజ్‌కి తిరుగు జవాబు పంపే వీలు కూడా లేదు.

అప్పుడు గుర్తొచ్చింది, రెండేళ్ళుగా నా దగ్గర మూలుగుతున్న ఒక కథ. ఒక ముసలావిడ జీవితంలో మొదటిసారి తన చేత్తో రాసిన అర్జీ, దానికి జవాబు రాయాల్సొచ్చిన కుర్ర గుమాస్తా. ఇంతే కథ. నాలుగుసార్లు రాశాను, నాలుగుసార్లూ ముగింపు దగ్గర చెడింది. ఎందుకు చెడిందో పెద్దమ్మ అడిగిన ప్రశ్నతో కొంత తెలిసింది. అర్జీకి జవాబంటే, పెట్టిన మనిషి చదివి, అర్థం చేసుకుని, “ఇది కుదరదు” అని తిరిగి అడగడానికి పనికొచ్చేది కావాలి. నా కథ నిలబడాల్సింది అక్కడ. నేను దాన్ని పింఛను డబ్బు మీద నిలబెట్టాలని చూశాను.

డబ్బు ముఖ్యం కాదంటున్నానని అనుకోకండి. ఆ గొడవకి తర్వాత వస్తాను.

కథ ఇదీ

2018 సంక్రాంతి అయిపోయిన వారం. నెల్లూరు జిల్లాలో మెట్ట ప్రాంతపు మండలం. పేరు నేనే పెట్టాను, పెంచలమ్మ. మా వైపు వీధికో పెంచలమ్మ ఉంటుంది, పెంచలకోన నరసింహస్వామి పుణ్యమా అని. డెబ్భై దాటాయి. మొగుడు లేడు, కొడుకు చెన్నైలో కూలి పనిలో ఉన్నాడు. అప్పటి వెయ్యి రూపాయల పింఛనే ఆధారం. డిసెంబరు, జనవరి రెండు నెలలు ఆమెకి పింఛను ఇవ్వలేదు, మిషను వేలిముద్ర తీసుకోలేదని. సోమవారం అర్జీలు తీసుకునే రోజున ఆమె మండల పరిషత్తు ఆఫీసుకి వచ్చి ఒక రూళ్ళ కాగితం ఇచ్చింది. ఆఫీసు ముందు చెట్టు కింద అర్జీలు రాసిపెట్టేవాళ్ళు ఉన్నా వాళ్ళ దగ్గరికి వెళ్ళలేదు. కాగితం మీద ఇలా ఉంది:

“అయ్యా నా పేరు పెంచలమ్మ. ఇది నేనే రాసినా. ఎవురూ రాసి ఈలేదు. రొండు నెలలుగా పించను ఈలేదు. మిసను నా యేలు తీసుకోలేదు. పొగాకు గేడింగు ముపై ఏండ్లు చేసినా యేలు అరిగింది. సంతకం పెడతా అంటే వొద్దు అనిరి. మరి సంతకం ఎందుకు నేరిపించినారు. పించను ఎందుకు ఈలేదో రాసి ఈయండి. పెద్ద అచరాలు రాయండి.”

కింద సంతకం. ఉత్తరంలో వత్తులు చాలాచోట్ల ఎగిరిపోయాయి కానీ సంతకంలో “మ్మ” మాత్రం చెక్కినట్టుంది.

ఈ ఉత్తరం నాకు తేలిగ్గా వచ్చింది. ఎందుకంటే ఇలాంటి దస్తూరి నాకు బాగా తెలుసు. కొన్నిటిని దిద్దించింది నేనే.

నిశానీ పోయి, మళ్ళీ నిశానీ

1991లో నేను ఇంటర్ రెండో సంవత్సరం. జిల్లా అంతా అక్షరదీపం అనే వయోజన అక్షరాస్యత ఉద్యమపు ఊపులో ఉంది. మా ఊళ్ళో నేనూ ఒక వాలంటీర్ని. రాత్రి ఏడున్నరకి బడి వరండాలో లాంతరు పెట్టుకుని కూర్చునేదాన్ని. పొలం పని, ఇంటి పని ముగించుకుని పదీ పదిహేను మంది వచ్చేవాళ్ళు. వాచకం అ ఆలతో మొదలయ్యేది కాదు, మాటలతో మొదలయ్యేది. కానీ వాచకం ఏం చెప్పినా వాళ్ళకి కావాల్సింది ముందు పేరు. “మిగతాయి తర్వాత చూద్దాం పాపా, నా పేరు నేర్పు” అనేవాళ్ళు. పేరు రాయడం వస్తే బ్యాంకులో, రేషను షాపులో బొటనవేలికి సిరా పూయించుకోనక్కర్లేదు. నిశానీ వేయడమంటే వాళ్ళకి ఎంత నామోషీయో నాకు అప్పుడే తెలిసింది. సిరా మరక కడిగినా రెండు రోజులు పోదు. చూసినవాళ్ళకి తెలిసిపోతుంది.

అమ్మ అని అంతమయ్యే పేర్లవాళ్ళందరికీ “మ్మ” దగ్గర చిక్కు. మ కింద మ వత్తు ఎలా పెట్టాలో వారం రోజులు దిద్దించాను. ఒకావిడ పలక పక్కన పెట్టి, “చంకన బిడ్డ లేదు గానీ కాళ్ళ కింద బిడ్డ ఉంది దీనికి” అంది. అందరం నవ్వాం. ఆవిడకి మాత్రం ఇక ఆ వత్తు ఎప్పుడూ తప్పలేదు.

తర్వాత సంగతులు మీకు తెలిసినవే. వాచకంలో సారా మీద సీతమ్మ కథ, కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్ళు మూయించిన సారా కొట్లు, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం. ఆ ఉద్యమం మీద చాలామంది చాలా రాశారు. నేను చూసిన ఒక చిన్న విషయం ఏమిటంటే, నా దగ్గర నేర్చుకున్నవాళ్ళలో సగానికి పైగా రెండు మూడేళ్ళకి చదవడం మర్చిపోయారు. రాయాల్సిన అవసరం రాకపోతే అక్షరం నిలవదు. సంతకం మాత్రం నిలిచింది. ఇంకొంచెం ఎక్కువ నిలిచింది పొదుపు సంఘాల్లో లీడర్లయిన వాళ్ళకి. నెలనెలా పుస్తకంలో పేర్లు, రూపాయలు, తీర్మానం రాయాలి కదా. అందుకే పెంచలమ్మని నేను పొదుపులక్ష్మి గ్రూపులో రెండో లీడర్ని చేశాను. లేకపోతే ఇరవై ఆరేళ్ళ తర్వాత ఆమె పది వాక్యాలు ఎలా రాస్తుంది? కథలో ఇది ఒక్క వాక్యమే. కానీ అది లేకుంటే ఉత్తరం అబద్ధమైపోతుంది.

ఇప్పుడు ఆమె కోపం చూడండి. లాంతరు వెలుగులో కూర్చోబెట్టి, బొటనవేలు తీసేసి పెన్ను పట్టించారు. పాతికేళ్ళు గడిచాక పింఛను పట్టుకొచ్చినాయన పెన్ను వద్దు, బొటనవేలు పెట్టమన్నాడు. ఈలోగా ఆ వేలేమో అరిగిపోయింది. కలిగిరి, డీసీ పల్లి వైపు పొగాకు గ్రేడింగుకి వెళ్ళినవాళ్ళ చేతులు చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆకు జిగురు నల్లగా పట్టుకుంటుంది. బూడిదో ఇసకో వేసి రుద్దితేగానీ అన్నం తినడానికి చెయ్యి రాదు. ముప్పై ఏళ్ళు రోజూ అలా రుద్దుకున్న వేలి మీద గీతలు ఎక్కడుంటాయి? దానికి తోడు ముసలితనం. చర్మం ఎండి బిగువు తప్పితే, పని చేయని వేలి గీతలు కూడా పలచబడతాయి.

“సంతకం ఎందుకు నేరిపించినారు” అన్న వాక్యం నన్నే అడిగినట్టుంటుంది, ప్రతిసారీ.

గుమాస్తా ఏం చేయాలి

నా కథలో గుమాస్తాకి పేరు లేదు. ఇరవై ఆరేళ్ళ జూనియర్ అసిస్టెంటు. తండ్రి సర్వీసులో ఉండగా చనిపోతే కారుణ్య నియామకంలో వచ్చాడు. ఆ కుర్చీ మీద అతనికి మోజూ లేదు, అసహ్యమూ లేదు.

మొదటిసారి రాసినప్పుడు ఇతన్ని ఉత్తరం చదివి కరిగిపోయేలా చేశాను. సొంత జేబులోంచి రెండు వేలు తీసి, “పింఛను వచ్చింది అవ్వా” అని ఇచ్చేలా రాశాను. చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. చదివిన ఇద్దరు స్నేహితులకి కళ్ళు చెమర్చాయట. కానీ ఆలోచిస్తే అతను చేసిన పని ఏమిటి? ఆమె అడిగింది హక్కు. అతను దాన్ని దానంగా మార్చాడు, పైగా అబద్ధం చెప్పి. ఎందుకు ఇవ్వలేదని ఆమె అడిగిన ప్రశ్న అలాగే ఉండిపోయింది. ఫిబ్రవరి ఒకటిన మిషను మళ్ళీ వేలు తీసుకోదు. అప్పుడు మళ్ళీ జేబులోంచి తీస్తాడా?

అందుకని రెండోసారి అతని చేత పని చేయించాను. పని అంటే ముందు సరిగ్గా ఏం జరిగిందో కనుక్కోవడం. “వేలిముద్ర పడలేదు” అనే ఒక్క మాట వెనక నాలుగైదు వేర్వేరు సంగతులుంటాయి. సిగ్నలు లేక మిషను ఆధార్ సర్వర్‌ని అందుకోలేకపోవచ్చు. అది వేలి తప్పు కాదు, కాసేపాగి మళ్ళీ పెట్టాలి. 811 అని తప్పు చూపిస్తే ఆ మనిషి వేలిముద్రలు అసలు ఆధార్‌లో నమోదై లేవని. 330 అయితే ఆ మనిషి పేరున బయోమెట్రిక్ లాక్ చేసి ఉందని. 300 అయితే ముద్రలు ఉన్నాయి, కానీ ఇవాళ పెట్టిన వేలు వాటితో కలవడం లేదని. నా గుమాస్తా పంచాయతీ కార్యదర్శికి ఫోన్ చేసి అడిగిన మొదటి ప్రశ్న, “సార్, ఎంత చూపించింది?” అని. కార్యదర్శి చెప్పాడు, “300.”

రెండో ప్రశ్న: “ఎన్ని వేళ్ళు చూశారు?” ఇక్కడ కార్యదర్శి కాస్త ఆగుతాడు. కుడి బొటనవేలు, చూపుడువేలు. వెనక ఎనభై మంది వరసలో ఉన్నారు. నిజానికి పది వేళ్ళూ చూడాలి. ఒక వేలు పలక్కపోయినా ఇంకో వేలు పలకొచ్చు. వేలు పొడిగా ఉంటే తడిగుడ్డతో తుడిచి పెట్టించాలి. ఏ వేలూ పలక్కపోతే కంటిపాపతో చూడాలి. కంటి మిషను ఉందా అంటే ఉంది, మండలాఫీసు బీరువాలో, అట్టపెట్టెలో. ఫోనుకి ఓటీపీ పంపే దారి కూడా ఉంది, కానీ ఆధార్‌కి ఇచ్చిన నంబరు కొడుకుది. అతను చెన్నై వెళ్ళాక సిమ్ మార్చేశాడు.

అన్నీ కుదరకపోతే? దానికీ జవాబుంది. ఆధార్ సంస్థే 2017 అక్టోబరు 24న ఒక సర్క్యులర్ ఇచ్చింది. వేలిముద్ర, కన్ను, ఓటీపీ ఏదీ కుదరనప్పుడు ఆ కారణంతో మనిషికి రావాల్సింది ఆపొద్దు, ఆధార్ కార్డు చూసి ఇచ్చి, మినహాయింపుల రిజిస్టర్లో రాసుకోండి అని దాని సారాంశం. అంటే పెంచలమ్మకి డిసెంబరు పింఛను ఎగ్గొట్టేనాటికే ఆ కాగితం ఉంది. కార్యదర్శికి తెలియకపోవచ్చు. తెలిసినా భయపడి ఉండొచ్చు. మినహాయింపు కింద ఎక్కువమందికి ఇచ్చినవాణ్ణి “ఎందుకు ఇచ్చావు” అని అడుగుతారు. ఇవ్వనివాణ్ణి “మిషను తీసుకోలేదు” అనే మాట కాపాడుతుంది. కార్యదర్శిని దుర్మార్గుడిగా రాయబుద్ధి కాలేదు నాకు. ఎనభై మంది, ఒక మిషను, ఒక పూట.

రెండు జవాబులు

ఇక్కడి నుంచీ కథ అంతా కాగితం మీదే నడుస్తుంది. గుమాస్తా పాత ఫైలు తీసి, అందులో ఉన్న నమూనా చూసి మొదటి జవాబు తయారు చేస్తాడు:

“అర్జీదారు యొక్క వేలిముద్రలు ఆధార్ సర్వర్ నందు ధృవీకరించబడనందున పింఛను పంపిణీ చేయుటకు సాధ్యపడలేదని, ఆధార్ కేంద్రము నందు బయోమెట్రిక్ నవీకరణ చేయించుకొనవలసినదిగా ఇందుమూలముగా తెలియజేయడమైనది.”

ఇందులో అబద్ధం లేదు. వ్యాకరణం తప్పు లేదు. 1966లో తెలుగుని అధికార భాషగా చేసిన చట్టానికీ లోటు రాలేదు, అంతా తెలుగే. కానీ పెంచలమ్మ దీన్ని చదవలేదు. కూడబలుక్కుని చదివినా అర్థమయ్యేది ఒకటే, తప్పు తన వేలిదని. ఆఫీసువాళ్ళు ఏం చూశారు, ఏం చూడలేదు అనేది ఇందులో లేదు. పైగా ఆ సలహా కూడా అంత పనికొచ్చేది కాదు. గీతలు అరిగిపోయిన వేలిని ఆధార్ కేంద్రంలో మళ్ళీ తీయించినా కొత్త ముద్ర కూడా మసకగానే పడుతుంది.

ఆమె “పెద్ద అచరాలు రాయండి” అన్న వాక్యం దగ్గర అతను ఆగుతాడు. అక్షరాల సైజు పెంచి ప్రింటు తీస్తాడు. అప్పుడు తెలుస్తుంది అతనికి, పెద్దవి కావాల్సింది అక్షరాలొక్కటే కాదని. రెండో జవాబు రాస్తాడు:

“పెంచలమ్మ గారికి. మీ ఉత్తరం చదివాను. డిసెంబరు, జనవరి పింఛను రెండు వేలు మీకు ఇవ్వలేదు. మిషను మీ వేలిని గుర్తుపట్టలేదు. రెండు వేళ్ళే చూశారు. పది వేళ్ళూ చూడాలి. కన్ను కూడా చూడాలి. చూడలేదు. ఇది మీ తప్పు కాదు. ఫిబ్రవరి ఒకటిన కార్యదర్శి గారు కంటి మిషను తెస్తారు. అదీ కుదరకపోతే మీ ఆధార్ కార్డు చూసి, పుస్తకంలో రాసుకుని డబ్బు ఇవ్వాలి. ఇవ్వకపోతే ఈ కాగితం చూపించండి. పాత రెండు వేల గురించి జిల్లా ఆఫీసుకు రాశాం. ఇంకా జవాబు రాలేదు. ఫిబ్రవరిలో కూడా ఇవ్వకపోతే మళ్ళీ రాయండి.”

ఇది రాసి నేను చాలా సంబరపడ్డాను. కథ అయిపోయిందనుకున్నాను.

బాబాయ్ గారు

మా పక్క ఫ్లాటులో ఒకాయన ఉంటారు. మండలాఫీసుల్లో, జిల్లా ఆఫీసుల్లో ముప్పై నాలుగేళ్ళు చేసి సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. బాబాయ్ గారూ అంటాను. ఆయనకి కథలు పడవు, పంచాంగం, పేపరు తప్ప ఏమీ చదవరు. ఆఫీసు వివరాలు సరిచూస్తారని ఇచ్చాను. పెన్ను తీసుకుని కూర్చున్నారు, డ్రాఫ్టు దిద్దే అలవాటు ఎక్కడికి పోతుంది.

“చదివాను అంటే ఎవరమ్మాయ్ చదివింది? సంతకం పెట్టేది ఎంపీడీఓ. గుమాస్తా నోట్ పెడతాడు, డ్రాఫ్ట్ పెడతాడు, అంతే. వాడి పొట్టి సంతకం ఆఫీసు కాపీ మూలన ఉంటుంది, బయటికి పోయే కాగితం మీద ఉండదు. నీ ముసలమ్మకి వాడెవడో ఎప్పటికీ తెలీదు.”

ఇది నాకు తట్టనే లేదు. తన పేరు తాను రాయగలిగినందుకు గర్వపడే మనిషికి జవాబు రాసినవాడి పేరే ఉండదు కాగితం మీద. ఆయన తప్పు పట్టింది గానీ నాకు కథకి ప్రాణం ఇచ్చినట్టయింది. “చదివాను” కొట్టేసి “చదివాం” అని మార్చాను.

తర్వాత “ఇది మీ తప్పు కాదు” కింద గీత గీశారు. “అయితే ఎవరిదీ? ఈ కాగితం పట్టుకుని ఆమె కొడుకు కలెక్టరు దగ్గరికి పోతే? కార్యదర్శికి మెమో వస్తుంది. కార్యదర్శికి వస్తే డ్రాఫ్ట్ రాసినవాడికీ వస్తుంది.” కాసేపాగి ఆయనే చెప్పారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రైతుకి ఇలాగే సొంత మాటల్లో జవాబు డ్రాఫ్టు పెట్టారట. ఆ రైతు ఆ కాగితాన్నే ఇంకో అర్జీకి జతచేసి పైకి పంపాడు. ఆయనకి సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. “ఆ తర్వాత ముప్పై ఏళ్ళు నమూనా దాటలేదు నేను. నమూనాలో రాస్తే తప్పు నమూనాది. సొంతంగా రాస్తే తప్పు నాది.”

“పరిష్కరించబడినది” అనే మాట ఎక్కడ పుడుతుందో నాకు ఆ రోజు అర్థమైంది. నేను అనుకున్నట్టు అది నిర్లక్ష్యం కాదు, అన్నిసార్లూ కాదు. చాలాసార్లు అది భయం.

ఆయన మాటకి ఎదురు చెప్పాలని చాలాసేపు చూశాను. చివరికి ఆయనన్నది కొంత నిజమేనని ఒప్పుకున్నాను, వేరే కారణంతో. పెంచలమ్మ ఓదార్పు అడగలేదు. “ఎందుకు ఈలేదో రాసి ఈయండి” అంది. “మీ తప్పు కాదు” అన్న మాట చదివి ఆమె సంతోషిస్తుందేమో కానీ, కార్యదర్శి ముందు నిలబడి దాన్ని వాడుకోలేదు. దాని బదులు, “వేలు అరిగిందని పింఛను ఆపకూడదు” అని రాస్తే? ఇది ఎవరి మీదా నింద కాదు, నిబంధన. కానీ ఫిబ్రవరి ఒకటిన వరసలో నిలబడి వేలు పెట్టి చూపించి మరీ చదవొచ్చు. బాబాయ్ గారికి చూపించాను. “ఇది సర్క్యులర్లో ఉన్న మాటే కదా, ఇది పోతుంది” అన్నారు. పోతుంది అంటే ఆఫీసు భాషలో సంతకమవుతుందని.

ఒక మెత్తని మాట తీసేసి గట్టి మాట పెట్టాం. నాలుగుసార్లు రాసినా నాకు రాని మార్పు, కథలు చదవని మనిషి వల్ల వచ్చింది.

మూడో అభ్యంతరం దగ్గర మాత్రం మేమిద్దరం కలవలేదు. “మళ్ళీ రాయండి” అన్న వాక్యం. “ఎవడైనా పని కొనితెచ్చుకుంటాడా? వచ్చిన ప్రతి తపాలుకీ నంబరు పడుతుంది, వాడి పర్సనల్ రిజిస్టర్లో ఎక్కుతుంది, నెలాఖరుకి పెండింగ్ ఎన్ని అని లెక్క చెప్పాలి. జవాబు అర్థమయ్యేలా రాస్తే ఇంకో అర్జీ వస్తుంది. అర్థం కాకుండా రాస్తే రాదు. ఇది ఎవరూ నేర్పరు, సీట్లో కూర్చుంటే వస్తుంది.”

నేను చెప్పాలనుకున్నది ఇదే, ఆయన నాకంటే బాగా చెప్పారు. ఆయన దీన్ని హెచ్చరికగా అన్నారు. నేను దీన్ని నా కథకి కొలతగా తీసుకున్నాను. పెంచలమ్మ మళ్ళీ రాస్తే మొదటి జవాబు పనిచేసినట్టు. రాయకపోతే, ఆమెకి డబ్బు అంది ఊరుకుందో, విసిగి ఊరుకుందో ఆ ఆఫీసుకి తేడా తెలియదు.

డబ్బు మాట

మా పెద్దమ్మకి ఇదంతా చెబితే ఆమె ఒక్క ముక్కలో కొట్టిపారేసింది. “మంచి జాబు రాసినారు సరే. దాన్ని ఎసట్లో వేసుకుంటుందా?”

దీనికి నా దగ్గర సరైన సమాధానం లేదు. రెండు నెలలు వెయ్యేసి చొప్పున పోయిన ముసలమ్మ ఆ సంక్రాంతికి ఏం వండుకుందో నా కథలో ఎక్కడా లేదు. అది లోపమే. చదవగలిగే ఉత్తరం వచ్చిందని ఆకలి తీరదు. ఒక్కమాట మాత్రం చెప్పగలను. జేబులోంచి రెండు వేలు ఇప్పించిన ముగింపులో ఆమెకి జనవరిలో అన్నం దొరికింది, ఫిబ్రవరిలో ఏమీ లేదు. ఈ ముగింపులో జనవరిలో లేదు, ఫిబ్రవరి నుంచి ఉండే అవకాశం ఉంది. అవకాశమే. కంటి మిషనుకి ఛార్జింగ్ లేదని కార్యదర్శి అనొచ్చు. శుక్లాలు వచ్చిన కన్ను ఆ మిషనుకీ అందకపోవచ్చు. డెబ్భై దాటిన మనిషి కదా. అందుకే పుస్తకంలో రాసుకుని ఇవ్వాలన్న వాక్యం జవాబులో తప్పకుండా ఉండాలి.

పెద్దమ్మ ఇంకా ఒప్పుకోలేదు. కాలవ కూడా అలాగే ఉంది.

ఎల్.డిస్.

పాత ముగింపు ఒకటి ఉంది, దాన్ని వదులుకోవడం కష్టమైంది. మన ఆఫీసుల్లో ఫైలు మూసేటప్పుడు దాని మీద ఒక గుర్తు వేస్తారు. బ్రిటిషు కాలం నుంచీ వస్తున్న పద్ధతి. ఆర్.డిస్. అంటే ఎప్పటికీ దాచాలి. డి.డిస్. పదేళ్ళు. ఎల్.డిస్. అంటే ఏడాది ఉంచి చించేయొచ్చు. ఒక మనిషి అర్జీ, దానికి ఎండార్స్‌మెంటు ఇచ్చేశాం అన్న ఫైలు మామూలుగా ఎల్.డిస్. కిందికే పోతుంది. పెంచలమ్మ జీవితంలో రాసిన మొదటి ఉత్తరం ఏడాదికి చిత్తు కాగితమవుతుందన్నమాట. నా గుమాస్తా పెన్ను ఎత్తి, ఎల్. రాయబోయి, డి. రాస్తాడు. ఏం చెప్పడు. కథ అయిపోతుంది.

నాకు ఇది ఎంతో నచ్చింది. బాబాయ్ గారు చదివి, “తప్పు గుర్తు వేశాడు. రికార్డు రూము తనిఖీలో దొరుకుతాడు” అన్నారు. అది కాదు నన్ను ఆపింది. కాగితాన్ని పదేళ్ళు బీరువాలో దాచితే పెంచలమ్మకి ఒరిగేది ఏమిటి? ఆమెకి తెలియను కూడా తెలియదు. అది గుమాస్తా తన మంచితనం తాను చూసుకుని మురిసిపోవడం. వాడి వెనక నేను మురిసిపోవడం.

అందుకని ఆ ముగింపు తీసేశాను. ఇప్పుడున్న ముగింపులో జవాబు వెళ్ళిన తొమ్మిదో రోజున తపాల్లో ఇంకో రూళ్ళ కాగితం వస్తుంది. ఈసారి నాలుగే వాక్యాలు:

“అయ్యా మీ జాబు అందింది. చదివినా. డబ్బులు ఇచ్చి పుస్తకంలో రాసుకుంటారని రాసినారు. ఆ పుస్తకంలో నేను సంతకం పెట్టొచ్చునా.”

ఇది కూడా బాబాయ్ గారికి చూపించాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని, మొదటి ఉత్తరం, జవాబు, రెండో ఉత్తరం వరసగా పేర్చి చూసుకున్నారు.

“జిల్లా ఆఫీసు నుంచి పాత రెండు వేల సంగతి ఇంకా రాలేదు కదా?”

“రాలేదు బాబాయ్ గారూ.”

“మరి ఎల్.డిస్. ఎట్లా వేస్తాడు? ఇది పాత నంబరులోనే కలపాలి. ఫైలు పెండింగు.”

పెన్ను మూత పెట్టి కాగితాలు నా చేతికిచ్చారు.